ఏ హైదరాబాదు, బాబూ?

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర మా టీము కుర్రాడొకడు తన సొంత ప్రాజెక్టు గురించి తెగ ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. జనం పెట్టే వరద వీడియోలు, యాక్సిడెంటు వీడియోలు ఉంటాయి కదా, వాటి క్యాప్షను, హ్యాష్‌ట్యాగులు చదివి, కింద కామెంట్లు ఏ భాషలో ఉన్నాయో లెక్కేసి, అది ఏ ఊరిదో కనిపెట్టి మ్యాపు మీద చుక్క పెడుతుందట. "మరి తప్పయితేనో?" అన్నాను. "లేనిదానికన్నా నయమే కదన్నా, ఏదో ఒక ఊహైనా ఉంటుంది" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే 2020 అక్టోబరులో అచ్చం ఇదే మాట నేనూ అన్నాను. అని ఊరుకోకుండా స్క్రిప్టు కూడా రాశాను. నా వాదన ముందే చెప్పేస్తున్నా: ఊరి పేరు తెలియకపోవడం కన్నా, బలహీనమైన ఊహని "లొకేషన్" అనే కాలమ్‌లో రాసిపెట్టడం ఎక్కువ నష్టం. కాలమ్ ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కుంటారు. నిండుగా ఉంటే ఎవడూ చెయ్యడు. ఎలాగో వివరంగా చెప్తా, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ ఏడాది అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన వాన ఊళ్ళో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. టోలిచౌకి నదీం కాలనీ, ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ నీళ్ళలో ఉన్నాయి. మా పాత కాలేజీ బ్యాచ్ వాళ్ళం కొంతమందిమి అన్నం పొట్లాలు, పాలు, మంచినీళ్ళు పంచే కుర్రాళ్ళకి సాయంగా ఒక స్ప్రెడ్‌షీటు నడిపాం. అమెరికాలో ఉన్నవాళ్ళు రాత్రి షిఫ్టు, ఇక్కడున్నవాళ్ళం పగలు షిఫ్టు. వాట్సాపులో వచ్చే ప్రతి వీడియో లంకెనీ అందులో వెయ్యడం, పక్కన ఎక్కడిదో రాయడం. వందల వీడియోలు, చూసేది ఐదారుగురు. ఇహ ఇంజనీరు బుర్ర ఊరుకుంటుందా? ఇదిగో, సిగ్గుపడుతూనే చూపిస్తున్నా:

```python
if "#hyderabad" in caption.lower():
    score += 0.5
if lang in ("te", "ur", "id", "tl", "so"):
    score += 0.3
if "tolichowki" in comments.lower():
    score += 0.2
```

రెండో వరుసలో ఆ id, tl, so ఏమిటంటారా? ఇండోనేషియన్, తగలాగ్, సోమాలీ. హైదరాబాదు వరదలో సోమాలీ ఏమిటంటే, దాని కథ కాసేపట్లో చెప్తా.

అక్టోబరు 15 పొద్దున ఒక వీడియోకి ఈ స్క్రిప్టు 1.0 ఇచ్చింది. నూటికి నూరు! నడుము లోతు నీళ్ళు, బైకు తోసుకుంటూ ఒకాయన, మూసేసిన షాపు షట్టర్లు, మేడ మీంచి అరుస్తున్న పిల్లలు. క్యాప్షను "Hyderabad ki haalat dekho", దాని కింద #Hyderabad, #HyderabadRains. 63 కామెంట్లు. వాటిలో ఒకటి టోలిచౌకిలో ఫలానా ఫంక్షన్ హాలు వెనక సందు పేరు చెప్పింది. మ్యాపు మీద ఎర్ర చుక్క పడింది. ఇద్దరు కుర్రాళ్ళు ఆటోలో 80 పొట్లాలు వేసుకుని, చుట్టు తిరిగి వెళ్ళడానికి గంటన్నర పట్టించుకుని అక్కడికి చేరారు. ఆ సందులో తడి తప్ప నీళ్ళు లేవు. అదే సమయంలో ఫలక్‌నుమా వైపు నుంచి ఫోన్ మీద ఫోన్. అక్కడికి పంపడానికి మా దగ్గర ఆటో లేదు. ప్రాణం మీదకి రాలేదు గానీ, చంటిపిల్లలున్న ఇళ్ళకి పాలు వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. ఆటో కుర్రాడు నన్ను ఒక్కటే అడిగాడు: "అన్నా, పంపే ముందు ఎవరన్నా ఫోన్ చేశారా?" చెయ్యలేదు. 1.0 వచ్చింది కదా, ఇంక ఫోనెందుకు?

సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఆ వీడియోని మళ్ళీ మొదట్నుంచి చూశాను. ఒక్కొక్క ఆధారం ఎలా కూలిపోయిందో వరసగా చెప్తాను.

ముందు హ్యాష్‌ట్యాగు. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సీనా ట్విట్టరులో # గుర్తు వాడదామని ప్రతిపాదించింది ఒక విషయం మీద మాట్లాడుకునేవాళ్ళని ఒక గుంపుగా చెయ్యడానికి. చోటు చెప్పడానికి కాదు. ఇప్పటికీ దాని పని అదే: "నా పోస్టు ఎవరికి కనపడాలి" అన్నది చెప్తుంది, "కెమెరా ఎక్కడుంది" అన్నది చెప్పదు. ఆ వారం #HyderabadRains అందరి నోటా నానుతోంది కాబట్టి, జనం చూడాలనుకున్న ప్రతివాడూ అది తగిలించాడు. రియల్ ఎస్టేటు వాళ్ళు విజయవాడ ప్లాటుకి #Hyderabad, #Vizag, #Bangalore అన్నీ కలిపి కొట్టడం మీరు చూళ్ళేదా?

పైగా ఏ హైదరాబాదు? మనది 1591లో కట్టింది. సింధు నది ఒడ్డున, పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, 1768లో కట్టిన హైదరాబాదు ఇంకోటుంది. అదీ లక్షల జనాభా ఉన్న పెద్ద ఊరే. అక్కడా వానాకాలం, అక్కడా నాలాలు పొంగుతాయి, అక్కడా ఎడమ పక్కనే బండి నడుపుతారు. ఆఖరికి గాజులకి కూడా రెండూ ప్రసిద్ధే: మనకి లక్క గాజులు, వాళ్ళకి గాజు గాజులు. #Hyderabad అన్న అక్షరాల్లో ఈ రెండింటినీ విడదీసేది ఒక్కటీ లేదు. నా స్క్రిప్టు మాత్రం దానికి సగం మార్కులు వేసింది.

(మధ్యలో ఒక పిట్టకథ. తెలుగులో రాసిన హ్యాష్‌ట్యాగులయితే ఈ గొడవ ఉండదు కదా అనుకుని వాటినీ ఏరాను. పైథాన్ మామూలు re లో \w కి మన గుణింతాలు అక్షరాలుగా ఆనవు. కింద చూడండి.

```python
import re
re.findall(r"#\w+", "#హైదరాబాద్ #హుజూరాబాద్")
# ['#హ', '#హ']
re.findall(r"#[\w\u0c00-\u0c7f\u200c]+", "#హైదరాబాద్ #హుజూరాబాద్")
# ['#హైదరాబాద్', '#హుజూరాబాద్']
```

మొదటి పద్ధతిలో హైదరాబాదూ, హుజూరాబాదూ రెండూ "హ" అయిపోయాయి. ఇంగ్లీషులో రెండు ఊళ్ళకి ఒకటే పేరు, తెలుగులో రెండు పేర్లకి ఒకటే అక్షరం! పిట్టకథ సమాప్తం.)

ఇక భాష. నేను వాడింది పైథాన్ langdetect. అది 55 భాషలు గుర్తుపడుతుంది, తెలుగు, ఉర్దూ అందులో ఉన్నాయి. బాగానే ఉంది. కానీ మన దేశంలో గానీ, పాకిస్తాన్‌లో గానీ ఫోన్లో ఉర్దూ టైపు చేసేవాళ్ళు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. "Allah reham kare", "bohot bura haal hai" లాంటివి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉర్దూ అనే భాష ఆ డబ్బాకి తెలియదు. తెలిసిన 55లో దేనికి దగ్గరగా ఉంటే దానికి అంటగట్టేస్తుంది. ఒకసారి ఇండోనేషియన్, ఒకసారి సోమాలీ. సీడ్ పెట్టకపోతే అదే చిన్న వాక్యానికి రెండోసారి నడిపితే ఇంకో జవాబు కూడా రావచ్చు. ఇది చూసి నేనేం చెయ్యాలి? "ఈ పరికరం ఈ పనికి పనికిరాదు" అనుకోవాలి. నేను చేసిందేమిటి? "సోమాలీ అంటే ఉర్దూ అన్నమాట" అని ఆ కోడ్లన్నీ జాబితాలో చేర్చేశాను. అదీ ఆ రెండో వరుస కథ. ఇలాంటి అతుకులు మనలో వెయ్యనివాడు ఎవడో చెయ్యెత్తండి!

సరే, భాష సరిగ్గా ఉర్దూ అనే తేలిందనుకుందాం. అయితే ఏమయింది? ఉర్దూ మన హైదరాబాదులో ఉంది, సింధ్ హైదరాబాదులోనూ ఉంది. లక్నోలో ఉంది, దుబాయ్‌లో ఉంది. కామెంటు భాష చెప్పేది వీడియో ఎవరి కంటపడిందో, అంతే. మా షీటులోకి వచ్చిన కాపీని ఇక్కడి పేజీ ఒకటి దించుకుని మళ్ళీ పెట్టింది. దాని ఫాలోయర్లు ఇక్కడివాళ్ళు. అందుకే దాని కింద "జాగ్రత్త అన్నా" అని తెలుగు కామెంట్లు కూడా నాలుగు పడ్డాయి. తెలుగు చూడగానే నాకు ఇంకా ధీమా! 2019 అక్టోబరు 20న డాలస్‌లో టోర్నడో వచ్చినప్పుడు మావాళ్ళ పోస్టుల కింద ఎన్ని తెలుగు కామెంట్లు పడ్డాయో అప్పుడు గుర్తు రాలేదు. ఆ లెక్కన ఆ టోర్నడో గుంటూరులో వచ్చి ఉండాలి.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఉర్దూ అనగానే నా బుర్ర నేరుగా పాతబస్తీకి, టోలిచౌకికి వెళ్ళిపోయింది. అది డేటా కాదు, నాలో ఎప్పటినుంచో కూర్చున్న అలవాటు. 2017 నుంచి తెలంగాణ మొత్తానికి ఉర్దూ రెండో అధికార భాష. నిజామాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో మాట్లాడరా? వరద వీడియో కాబట్టి సరిపోయింది, పొట్లాలు తప్పు సందుకి వెళ్ళాయి. అదే ఏ కొట్లాట వీడియోనో అయ్యుంటే? "కామెంట్లు ఉర్దూలో ఉన్నాయి, ఇది ఫలానా బస్తీ" అని ఒక చుక్క పడితే, ఆ బస్తీలో ఉండేవాళ్ళ గతేమిటి? దీనికి స్కోరు ఎంతిస్తారు?

మూడో ఆధారం అన్నిటికన్నా ఘోరం. టోలిచౌకి అన్న ఆ కామెంటు పూర్తిగా చదివితే ఇలా ఉంది: "Is this Tolichowki? behind function hall?" అది ప్రశ్న! ఎవరో అత్తవారిల్లు అక్కడున్నవాళ్ళు కంగారుపడి అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. నా స్క్రిప్టుకి ప్రశ్నార్థకం కనపడదు కాబట్టి ప్రశ్న సాక్ష్యం అయిపోయింది.

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. #HyderabadRains చూసి ఇక్కడి పేజీ దించుకుంది. ఇక్కడి పేజీ పెట్టింది కాబట్టి ఇక్కడి భాషల్లో కామెంట్లు పడ్డాయి. క్యాప్షనులో హైదరాబాదు అని ఉంది కాబట్టి ఒకావిడ టోలిచౌకా అని అడిగింది. నేను మూడు వేరువేరు సాక్ష్యాలనుకుని 0.5, 0.3, 0.2 కూడాను. నిజానికి ఉన్నది ఒకటే నోరు, అదే మాట మూడుసార్లు వినపడింది. ఆ నోరు కూడా వీడియో తీసినవాడిది కాదు, దించుకున్నవాడిది. మన ఫీల్డులో ఒకే సర్వర్ లాగుని మూడు చోట్ల కాపీ చేసి "మూడు సిస్టమ్సూ కన్ఫర్మ్ చేశాయి" అంటే ఊరుకుంటామా?

మరి అసలు సంగతి ఎలా తేలింది? అది కూడా కామెంట్ల వల్లే. అందుకే నేను కామెంట్లు చూడొద్దనట్లేదు, లెక్కపెట్టొద్దంటున్నాను. పాతవి ముందు వచ్చేలా పెట్టి 63నీ కళ్ళతో చదివాను. ఒకాయన "unit 8 mein bhi yahi haal hai" అన్నాడు. ఎనిమిదో యూనిట్‌లోనూ ఇదే పరిస్థితి అని. మన హైదరాబాదులో ఎవరైనా తన పేటని యూనిట్ నంబరుతో చెప్తారా? కాలనీ, బస్తీ, గూడ, పల్లి, నగర్ అంటారు. గూగులిస్తే తేలింది, సింధ్ హైదరాబాదులో లతీఫాబాద్ అనే పెద్ద ప్రాంతం ఉంది, దాన్ని యూనిట్లుగానే విభజించారు. ఆ కామెంటు పెట్టినాయన తన ఊరిలో నిలబడి, తన ఊరి మాటలో చెప్పాడు. సోమాలీ ముద్ర పడ్డవాటిలో అదీ ఒకటి.

ఇంకో కామెంటు అరబ్బీ లిపిలో ఉంది, డబ్బా దాన్ని ఉర్దూ అంది. అందులో ఉర్దూలో లేని అక్షరాలు కనపడ్డాయి. అది సింధీ. langdetect చెప్పే 55 భాషల్లో సింధీ లేనే లేదు! అంటే రెండు హైదరాబాదుల్నీ విడదీయగలిగిన ఒకే ఒక్క భాషని పట్టుకుని ఆ డబ్బా ఉర్దూలోనో, అరబ్బీలోనో, పారశీకంలోనో కలిపెయ్యక తప్పదు. దీనికి పెద్ద మోడలేం అక్కర్లేదు, అక్షరాలు చూస్తే చాలు:

```python
SINDHI = set("\u0683\u068f\u06b1\u06bb")
def maybe_sindhi(s):
    return any(c in SINDHI for c in s)
```

(సింధీలో ఇంకొన్ని ప్రత్యేక అక్షరాలున్నాయి గానీ, వాటిలో కొన్ని సరాయికీలో కూడా వాడతారు, అందుకే వదిలేశాను.) ఇది కూడా సాక్ష్యం కాదు సుమండీ, సింధీవాళ్ళూ ఊళ్ళు తిరుగుతారు. ఎక్కడ వెతకాలో చెప్తుంది, అంతే. అలాగే మన దక్కనీ మాటలు, "నక్కో", "హౌ", "కైకు" లాంటివి 63లో ఒక్కటి కూడా లేవు. లేకపోవడం రుజువు కాదు గానీ, అనుమానానికి అది చాలు.

అప్పుడు కామెంట్లు వదిలి బొమ్మలోకి వెళ్ళాను. ఒక షట్టరు మీద ఫోన్ నంబరు, 022 తో మొదలవుతోంది. మా షీటులో ఇంకో మిత్రుడు వెంటనే "ముంబై!" అన్నాడు. ముంబై కోడు 022 నిజమే. సింధ్ హైదరాబాదు కోడు కూడా 022 నే! మనది 040. అంటే మన ఊరు కాదని తేలింది, ఏ ఊరో తేలలేదు. దాని కింద మొబైలు నంబరు ఉంది, 03 తో మొదలై మొత్తం 11 అంకెలు. మన మొబైలుకి 10 అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. 03 తో 11 అంకెలంటే పాకిస్తాన్ మొబైలు. ఇక అనుమానం లేదు. ఒక ఫ్రేము తీసి బొమ్మల వెతుకులాటలో వేస్తే అదే వీడియో ఆగస్టు 2020లో పెట్టిన పాత కాపీ దొరికింది. ఆ ఆగస్టులో సింధ్‌లోనూ కుండపోత వానలే. అంటే మాకు చేరేసరికి ఆ నీళ్ళు తీసి రెండు నెలలైంది.

మొత్తం పని 25 నిమిషాలు. పొద్దున ఈ 25 నిమిషాలు పెట్టి ఉంటే ఆటో సరైన చోటికి వెళ్ళేది. "అన్ని వీడియోలకీ అంత టైమెక్కడిది" అంటారు. నిజమే, లేదు. అందుకే టైము లేదన్న సంగతి కాలమ్‌లో కనపడాలి. ఆ రాత్రే షీటు మార్చాం. "లొకేషన్" తీసేసి మూడు కాలమ్స్ పెట్టాం: "ఏ ఊరని అంటున్నారు", "ఎవరంటున్నారు", "ఎలా నిర్ధారించాం". మూడోది బొమ్మలో చూసిందో, ఫోన్లో విన్నదో రాస్తేనే నిండాలి. నిండకపోతే ఆటో కదలదు. హ్యాష్‌ట్యాగు, భాష అన్నవి ముందు ఏ వీడియో చూడాలి, ఉర్దూ వచ్చినవాళ్ళకి ఏది ఇవ్వాలి అని వరస పెట్టడానికి మాత్రమే. దానికవి బ్రహ్మాండంగా పనికొచ్చాయి.

నాకు మిగిలిన పాఠం ఒకటే ప్రశ్న. ఏ ఆధారం కనపడినా, "ఇది వేరే ఊరి వీడియో అయితే ఈ ఆధారం ఇలాగే కనపడేదా?" అని అడగండి. #Hyderabad? కనపడేది. ఉర్దూ కామెంట్లు? కనపడేవి. తెలుగు కామెంట్లు? ఇక్కడి పేజీ పెట్టింది కాబట్టి కనపడేవి. టోలిచౌకా అన్న ప్రశ్న? అదీ కనపడేది. అంటే నా 1.0 అసలు విలువ సున్నా. "యూనిట్ 8"? మన ఊరైతే కనపడేది కాదు. 11 అంకెల నంబరు? ససేమిరా. స్కోరు పెట్టాలనుకుంటే వాటికి పెట్టాలి.

ఇదంతా మా కుర్రాడికి చెప్పాను. "అయితే కాన్ఫిడెన్స్ తగ్గించి 0.6 చూపిస్తా" అన్నాడు. వద్దు బాబూ. 0.6 చూసి కూడా ఎవడూ ఫోన్ చెయ్యడు. ఖాళీగా వదిలెయ్.

తా.క. జనం రాసుకున్న ఊరి పేరు నమ్మొచ్చు కదా అనేవాళ్ళకి: 2009 జూన్‌లో ఇరాన్ ఎన్నికల గొడవల్లో ప్రపంచం నలుమూలల జనం తమ ట్విట్టరు ప్రొఫైల్లో ఊరిని టెహ్రాన్ అని మార్చుకున్నారు. అక్కడి నిరసనకారులు పోలీసులకి దొరక్కూడదని. ఆ రోజు చుక్కలు పెట్టినవాడి మ్యాపులో టెహ్రాన్ ఎంత పెద్ద ఊరైపోయి ఉంటుందో!